బీడీ కార్మికుల పింఛను: రెండు ఖాతాల సర్వీసు కలిస్తేనే అర్హత

కరీంనగర్: పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలలో 58 ఏండ్ల వయస్సుకు చేరువవుతున్న బీడీ కార్మికురాళ్లు తమ భవిష్య నిధి పాస్‌బుక్కులో యాజమాన్యం వాటా అతి స్వల్పంగా ఉండటం చూసి, సొమ్ము స్వాహా అయిందని అనుమానించడం సహజం. చాలా సందర్భాలలో ఆ అనుమానానికి ఆధారం లేదు. సిరిసిల్ల, జగిత్యాల, నిర్మల్ వంటి ప్రాంతాలలో కంపెనీలు మారిన కార్మికురాళ్లు పరిశీలించవలసిన అసలు అంశం సర్వీసు లెక్క.

బీడీ పరిశ్రమలో భవిష్య నిధి చందా ఇతర పరిశ్రమలలో మాదిరిగా 12 శాతం కాక 10 శాతంగా ఉన్నది. నెలకు 6,000 రూపాయల వేతనంపై కార్మికురాలి వాటా 600 రూపాయలు, యాజమాన్యం వాటా 600 రూపాయలు. యాజమాన్యం వాటా నుండి వేతనంలో 8.33 శాతం, అనగా సుమారు 500 రూపాయలు, 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకానికి జమ అవుతుంది. మిగిలిన 100 రూపాయలే భవిష్య నిధిలో చేరుతాయి. పింఛను గడిలోని మొత్తానికి వడ్డీ కలవదు. పింఛను నిర్ణయానికి ఆ మొత్తం ప్రాతిపదిక కాదు.

చివరి 60 నెలల సగటు వేతనాన్ని సర్వీసు సంవత్సరాలతో హెచ్చించి 70తో భాగించగా వచ్చునదే నెలసరి పింఛను. ఇందుకు కనీసం పదేండ్ల సర్వీసు ఉండాలి.

ఉదాహరణకు, ఒక కార్మికురాలు మొదటి కంపెనీలో 8 ఏండ్లు, తరువాత మరొక కంపెనీలో 9 ఏండ్లు బీడీలు చుట్టినదనుకుందాం. ఖాతాలు వేరువేరుగా ఉంటే దేనికీ పదేండ్లు నిండవు. నెలసరి పింఛనుకు బదులు ఒకేసారి చెల్లించే చిన్న మొత్తమే దక్కుతుంది. రెండూ కలిస్తే 17 ఏండ్లు. సగటు వేతనం 6,000 రూపాయలైతే జీవితాంతం నెలకు సుమారు 1,457 రూపాయలు లభిస్తాయి.

ఖాతా బదిలీకి ఫారం 13 దాఖలు చేయాలి. ఇక్కడే మరొక తికమక ఉన్నది. బదిలీ జరిగినప్పుడు భవిష్య నిధి సొమ్ము కొత్త పాస్‌బుక్కులోకి వస్తుంది గాని, పింఛను గడిలోని మొత్తం రాదు; సర్వీసు మాత్రమే బదిలీ అవుతుంది. కావున పాస్‌బుక్కును బట్టి నిర్ధారణకు రాక, బదిలీ పత్రమైన అనెక్జర్-కెలో పాత సర్వీసు తేదీలు నమోదైనవో లేదో చూడవలసి ఉంటుంది.

కంపెనీ మానిన వెంటనే ఫారం 10-సి ద్వారా పింఛను సొమ్ము తీసుకున్నవారికి ఆ సర్వీసు తిరిగి లెక్కకు రాదు. అవసరానికి తీసుకున్న కొద్దిపాటి సొమ్ముకు ఇది భారీ మూల్యమే. మొదటి కంపెనీలో సొమ్ము తీసుకోనివారు, ఆధార్‌లోను, పాత ఖాతాలోను పేరు, పుట్టిన తేదీ వేరుగా ఉంటే, యాజమాన్యంతో కలిసి ఉమ్మడి డిక్లరేషన్ ఇచ్చి ముందుగా సరిచేయించుకొని, ఆ పిదప బదిలీ కోరవలెను. పింఛనుకు ఫారం 10-డి దాఖలు చేయడం ఈ రెండు పనులు ముగిసిన తరువాతనే మేలు.