"పడుకోనివ్వరా, పొద్దున్నకి అదే దిగిపోతుంది"

శుక్రవారం రాత్రి ఫ్లాట్లో మందు పార్టీ జరిగిన ప్రతిచోటా ఈ డైలాగు వినబడుతుంది. ఒకడు సోఫాలో అడ్డంగా పడిపోతాడు, ఎవరో అనుభవజ్ఞుడు "వాడినలా వదిలెయ్యండ్రా, పడుకుంటే అదే తగ్గిపోతుంది" అని తీర్పు చెప్తాడు. అందరూ హమ్మయ్య అనుకుని బిర్యానీ పొట్లాలు విప్పుకుంటారు. ఈ అనుభవజ్ఞుడితోనే నా గొడవ. పైకి జాలిగా కనిపించే ఈ సలహా, నిజానికి తాగిన మనిషిని కనిపెట్టుకుని ఉండే పని నుంచి మనం తప్పించుకునే మార్గం.

ముందు లెక్క చూద్దాం, ఎలాగూ లెక్కలు చెయ్యడం మన వృత్తే కదా. మన దగ్గర దొరికే విస్కీలో సాధారణంగా 42.8 శాతం ఆల్కహాల్. అంటే 60 మి.లీ. పెగ్గులో సుమారు 20 గ్రాములు. డెబ్భై కిలోల మగవాడి ఒళ్ళు గంటకి ఏడు గ్రాముల చొప్పున కరిగిస్తుంది. ఒక్క పెగ్గు దిగడానికే దాదాపు మూడు గంటలు! కాఫీ తాగినా, చన్నీళ్ళు పోసినా, బాల్కనీలో నడిపించినా ఈ వేగం పెరగదు. అది కాలేయం పని, దానికి తొందర తెలీదు.

ఈ డెబ్భై కిలోల మనవాడు రాత్రి పదికి మొదలెట్టి పన్నెండు దాకా మూడు పెగ్గులు తాగాడనుకుందాం. అప్పటికి రక్తంలో 100 మి.లీ.కి సుమారు 100 మిల్లీగ్రాములు. మన దేశంలో బండి నడపడానికి పరిమితి 30. ఆ తర్వాత ఎవరో పందెం కాశారు, పావుగంటలో ఇంకో మూడు గుటుక్కుమనిపించాడు. పన్నెండూ ఇరవైకి "ఇక చాలు" అని గ్లాసు లాగేసుకుని పడుకోబెట్టారు. మనవాళ్ళ దృష్టిలో ప్రమాదం అక్కడితో అయిపోయింది, కానీ అసలు కథ అప్పుడే మొదలు. ఆఖరి మూడు పెగ్గులూ ఇంకా కడుపులోనే ఉన్నాయి. వాడు "నిద్రపోతున్న" గంటలో అవి రక్తంలోకి దిగి లెక్క 200 దాటుతుంది. అంటే గ్లాసు తీసేసుకున్న తర్వాత రెట్టింపయింది! పొద్దున్న ఎనిమిదికి చూసినా ఇంకా వంద దగ్గరే ఉంటుంది. ఇది అంచనా మాత్రమే. తిన్న తిండిని బట్టి, అలవాటుని బట్టి మారుతుంది. ఆడవాళ్ళకి, బక్కపల్చటి వాళ్ళకి అవే పెగ్గులు ఇంకా ఎక్కువ లెక్కవుతాయి.

రెండో పొరపాటు, దాన్ని నిద్ర అనుకోవడం. నిద్రపోయే వాడికి కక్కు వస్తే దగ్గుతాడు, లేస్తాడు, పక్కకి తిరుగుతాడు. ఆల్కహాల్ మోతాదు మించితే ఆ దగ్గే మొద్దుబారిపోతుంది. వెల్లకిలా పడుకున్న వాడికి వాంతి వస్తే అది బయటకి రాకుండా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇంకా పెరిగితే ఊపిరి తీసుకోమని చెప్పే మెదడు భాగమే మందగిస్తుంది. అందాకా కేకలేసి గొడవ చేసినవాడు ఒక్కసారి "శాంతించాడు" అంటే సంతోషించే విషయం కాదది.

ఇది ఊహ కాదు. 2004 సెప్టెంబరు 16 రాత్రి అమెరికాలో, కొలరాడో విశ్వవిద్యాలయంలో కొత్తగా చేరిన గోర్డీ బెయిలీ అనే పద్ధెనిమిదేళ్ళ కుర్రాడికీ తోటి కొత్తవాళ్ళకీ విస్కీ, వైన్ సీసాలిచ్చి అరగంటలో ఖాళీ చెయ్యమన్నారు సీనియర్లు. తర్వాత అతన్ని ఒక సోఫా మీద పడుకోబెట్టారు, మత్తు దిగిపోతుందని. ఒంటి మీద పెన్నులతో రాతలు కూడా రాశారు, సరదాకి. తెల్లారేసరికి చనిపోయి ఉన్నాడు. రక్తంలో లెక్క 328. పక్కన మనుషులు లేక కాదు, ఉన్నవాళ్ళందరూ "నిద్రపోతున్నాడు" అనుకోబట్టి.

సరే, ఎలా తెలుస్తుంది మరి? పేరు పెట్టి గట్టిగా పిలవండి. భుజం పట్టుకుని కుదపండి. మెడకీ భుజానికీ మధ్య కండని గట్టిగా గిల్లండి. కళ్ళు తెరిచి తిట్టాడా, మంచిదే. మూలిగి మళ్ళీ పడిపోయాడా, లేదా అసలు కదల్లేదా, ఇక వేరే లక్షణం కోసం ఎదురు చూడక్కర్లేదు. మన ప్రొడక్షన్ సర్వర్ పింగ్‌కి పలకకపోతే అర్ధరాత్రి రెండింటికి మేనేజర్ని లేపుతామే, "పొద్దున్నకి అదే లేస్తుందిలే" అంటామా? మనిషి పలకకపోతే మాత్రం దుప్పటి కప్పుతాం!

తర్వాత ఫోన్లో గడియారం పెట్టుకుని ఒక నిమిషం పాటు ఛాతీ ఎన్నిసార్లు లేస్తోందో లెక్కపెట్టండి. ఎనిమిది కంటే తక్కువైనా, రెండు ఊపిర్ల మధ్య పది సెకన్లు దాటినా ప్రమాదం. గొంతులో గుడగుడమంటూ వచ్చే గురకని హాయైన నిద్ర అనుకోవద్దు, దారి మూసుకుపోతోందని అర్థం. చర్మం చల్లగా, జిగటగా ఉండటం, మత్తులోనే కక్కుకోవడం, ఫిట్స్ రావడం కూడా అంతే. చామనఛాయ వాళ్ళలో నీలిరంగు ఒంటిమీద తెలీదు, పెదాలూ గోళ్ళూ చూడాలి. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా చాలు, అన్నీ కలిసొచ్చే దాకా ఆగక్కర్లేదు.

అప్పుడు చెయ్యాల్సింది 108 కి ఫోను. ఎంత తాగాడు, ఎప్పుడు ఆపాడు, ఏమైనా మాత్రలు వేసుకున్నాడా, షుగరుందా, ఎక్కడైనా పడి తలకి దెబ్బ తగిలిందా, ఇవి చెప్పండి. తలకి దెబ్బ తగిలినా, షుగర్ పడిపోయినా చూడటానికి తాగి పడినట్టే ఉంటుంది. అందుకే "మందే కదా" అని మనం నిర్ధారించెయ్యకూడదు. బండి వచ్చేలోగా పక్కకి తిప్పి పడుకోబెట్టండి. పైనున్న మోకాలు మడిచి ముందుకు ఆనించి, చెయ్యి చెంప కింద పెట్టి, తల కాస్త వెనక్కి వంచి నోరు నేల వైపు ఉండేలా. ఊపిరి ఆగిపోయినా, ఎప్పుడో ఒకసారి ఎగశ్వాసలా వస్తున్నా, వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్యలో రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ ఉండాలి. ఫోన్లో వాళ్ళు చెప్తూనే ఉంటారు.

నిమ్మరసం, మజ్జిగ నోట్లో పొయ్యడం, గొంతులో వేలు పెట్టి కక్కించడం మాత్రం వద్దు. మింగలేని వాడికి పోసిన మజ్జిగ వెళ్ళేది ఊపిరితిత్తుల్లోకే.

పిలిస్తే పలికి, సరిగా మాట్లాడే వాడి సంగతేంటి అంటారా? వాణ్ణీ పక్కకే పడుకోబెట్టి, తాగని వాడొకడు పక్కన కూర్చుని పది పదిహేను నిమిషాలకోసారి లేపి చూడాలి. ఏ విడతలో పలక్కపోయినా పైన చెప్పిందే. ఎవరూ కూర్చోలేని పరిస్థితి అయితే ఆసుపత్రే నయం.

"మేం ఇలా ఎన్ని సార్లు పడుకోబెట్టలేదు, ఏమయింది?" అంటాడు మన అనుభవజ్ఞుడు. పొద్దున్న లేచిన వాళ్ళే కదా నాయనా ఆ కథ చెప్పడానికి మిగిలేది. లేవని వాడి అనుభవం నీకెవరు చెప్తారు?

ఇక ఫోను చెయ్యకపోవడానికి చెప్పే అసలు కారణాలు వేరు. పోలీసు కేసవుతుందని, ఓనరు గొడవ చేస్తాడని, వాళ్ళ నాన్నకి తెలుస్తుందని, వాడే పొద్దున్న లేచి తిడతాడని. ఆసుపత్రి వాళ్ళు పోలీసులకి చెప్పినా చెప్పొచ్చు, కాసేపు ప్రశ్నలడుగుతారు, బిల్లవుతుంది. అవన్నీ సోమవారం నాటికి సర్దుకునేవి. వాడు తిట్టనీండి. తిట్టాలంటే ముందు లేవాలి కదా.