ధర తగ్గించమని కాదు, వాపసు గడువు ఇమ్మని అడుగుదాం
శంషాబాద్ చుట్టుపక్కల మొబైల్ రిపేర్ కౌంటర్ల వారికి



సాతంరాయి మొదలు పాలమాకుల దాకా కౌంటరు పెట్టుకుని ఫోన్లు బాగుచేసే మనమంతా సామాను తెచ్చుకునేది దాదాపు ఒకే చోటి నుంచి. అబిడ్స్‌లో జగదీశ్ మార్కెట్, లేదంటే కోఠి గుజరాతీ గల్లీ. ఆరాంఘర్ మీదుగా దాదాపు ఇరవై కిలోమీటర్లు. పొద్దున ఒకరం పోతాం, మధ్యాహ్నం ఇంకొకరం పోతాం. అదే దుకాణంలో అదే మోడల్ కాంబోకు ఎవరికి వారు బేరమాడి, యాభై తగ్గించుకుని గెలిచినట్టు వస్తాం.  

యాభై తగ్గించిన దుకాణందారు మనకిచ్చేది చెకింగ్ వారంటీ మాత్రమే. బిగించకముందే పెట్టి చూసుకోవాలి. స్టిక్కరు చిరిగినా, గమ్ము అంటినా పీసు వెనక్కి తీసుకోడు. మనం మాత్రం ఇక్కడికొచ్చి, పక్క కౌంటరువాడు మూడు నెలలంటున్నాడని కస్టమరుకు ఆర్నెల్ల గ్యారంటీ నోటిమాటగా ఇచ్చేస్తాం. దుకాణందారు చెప్పినదానికీ మనం చెప్పినదానికీ మధ్య ఉన్న ఆర్నెల్లూ మన గల్లా మీదే పడుతున్నాయి.

అందుకే ఒక ప్రతిపాదన పెడుతున్నాం. ఏడెనిమిది కౌంటర్లు కలిసి ఒకరిద్దరు దుకాణందారుల దగ్గరే కొనాలి. బేరం ధర మీద కాకుండా వాపసు గడువు మీద చేయాలి. ఆ గడువుకు మించి ఒక్కరోజు కూడా కస్టమరుకు మాట ఇవ్వకూడదు. ఇచ్చే మాటేదో కాగితం మీద ఇవ్వాలి.

ఇది ఎందుకు గిట్టుబాటు అవుతుందో లెక్క చూడండి. ఈ అంకెలు మాట వరసకు వేసినవి. మీ కౌంటరు అంకెలు పెట్టి మళ్లీ వేసుకోండి. కాంబో 1,100కు తెచ్చి, బిగించి 1,800 తీసుకుంటున్నారనుకోండి. పది ఫోన్లకు 7,000 మిగలాలి. ఆ పదిలో రెండు వెనక్కి వచ్చాయి, ఒకటి టచ్ దానంతటదే ఆడుతోందని, ఇంకొకటి గీత పడిందని. చెకింగ్ వారంటీ దాటిపోయింది కాబట్టి రెండు పీసులూ మన చేతి డబ్బుతోనే వేయాలి. 2,200 పోయి 4,800 మిగిలింది. పైగా బిగింపులు పది కాదు, పన్నెండు అయ్యాయి. బిగింపుకు 700 వస్తుందనుకున్నది 400 అయింది.

ఇప్పుడు దుకాణందారు యాభై తగ్గించాడనుకోండి. పన్నెండు పీసులకు 12,600 పోతే మిగిలేది 5,400, అంటే బిగింపుకు 450. అదే ఆయన యాభై ఎక్కువ తీసుకుని, 1,150కి ఇచ్చి, బిగించిన తర్వాత కూడా 30 రోజులు వాపసు ఒప్పుకున్నాడనుకోండి. పది పీసులకు 11,500, రెండు మార్పిళ్లకు మన చేతి డబ్బు పడదు. మిగిలేది 6,500, బిగింపుకు 540 పైచిలుకు. ఎక్కువ పెట్టి కొన్నప్పుడే ఎక్కువ మిగులుతోంది. ఒంటరిగా పోయి ఈ మాట అడిగితే దుకాణందారు నవ్వుతాడు. ఎనిమిది కౌంటర్ల నెల సామాను చూపించి అడిగితే కూర్చోమంటాడు.

అడిగేటప్పుడు ఒక మెలిక ఉంది, దాన్ని వదలొద్దు. దుకాణందారు గడువు ఆయన అమ్మిన రోజు నుంచి నడుస్తుంది. మన గడువు బిగించిన రోజు నుంచి నడుస్తుంది. ఇరవై రోజులు అరలో పడి ఉన్న కాంబోను బిగించి కస్టమరుకు 30 రోజులంటే, వెనకున్న దన్ను పది రోజులే. కాబట్టి గడువు బిగించిన తేదీ నుంచి లెక్కించమని అడగాలి. ఆయన ఒప్పుకోకపోతే సామాను నిల్వ పెట్టడం తగ్గించుకోవాలి. రోజూ వచ్చే నాలుగైదు మోడళ్లవి మాత్రం ఉంచుకుని, మిగతావి ఆర్డరు వచ్చాకే తెప్పించుకోవాలి. వారానికి రెండుసార్లు మనలో ఒకరు పోయి అందరి సామాను తెచ్చి, వాపసు పీసులు అప్పగించి వస్తే చార్జీలూ, సగం రోజు పనీ మిగులుతాయి. పీసు రాగానే కొన్న తేదీ, గ్రేడు డబ్బా మీద మార్కరుతో రాయాలి. బిల్లు లేని సామాను ముట్టుకోవద్దు. వాపసు రోజున తేదీకి సాక్ష్యం ఆ బిల్లే.

దుకాణందారును గట్టిగా అడగాలంటే మన చెయ్యి శుభ్రంగా ఉండాలి. తిరిగివచ్చే డిస్‌ప్లేల్లో పీసు తప్పులెన్నో, బిగింపు తప్పులెన్నో విడదీసి చూసుకోవాలి. మన దగ్గరికి వచ్చేవాళ్లలో ఎయిర్‌పోర్టు క్యాబ్ డ్రైవరన్నలు ఎక్కువ. ఫోను పొద్దున్నుంచి రాత్రి దాకా డాష్‌బోర్డు మీద ఎండలో, చార్జింగ్‌లో, మ్యాప్ నడుస్తూ ఉంటుంది. ఆ వేడికి బ్యాటరీ ఉబ్బుతుంది. పగిలిన డిస్‌ప్లే మార్చమని ఆయన వస్తే, మనం బ్యాటరీని చూడకుండా కొత్తది బిగిస్తే, కింద ఉబ్బిన బ్యాటరీ ప్యానెల్‌ను పైకి తోస్తుంది. వారంలోపే తెర మధ్యలో తెల్లటి మచ్చ వస్తుంది, ఆ తర్వాత అంచు లేస్తుంది. ఆ పీసును ఏ దుకాణందారూ తీసుకోడు, తీసుకోవాల్సిన పనీ లేదు. బ్యాటరీ ఉబ్బితే అది మార్చకుండా డిస్‌ప్లే వేయనని చెప్పేయండి.

ఫ్రేము సంగతీ అంతే. మూలకు పడిన ఫోనులో అద్దం పగలడమే కాదు, ఫ్రేము లోపలికి వంగుతుంది. పాత గమ్ము ముక్కలు, అద్దం నలుసులు అంచులో మిగిలిపోతాయి. వాటి మీద కొత్త ప్యానెల్ కూర్చోబెట్టి క్లిప్పులు బిగిస్తే ఒక్కచోటే ఒత్తిడి పడుతుంది. అప్పటికి బాగానే వెలుగుతుంది, నాలుగు రోజులకు గీత పడుతుంది. కొత్త కాంబోను గమ్ము లేకుండా ఫ్రేములో పెట్టి చూడండి. దానంతటది చదునుగా కూర్చోవాలి. వేలితో నొక్కితేనే కూర్చుంటోందంటే ముందు ఫ్రేమును సరిచేయాలి.

బిగించకముందు చూడటమంటే వాల్‌పేపరు వెలిగిందా లేదా అని కాదు. పొర తీయకుండా, రిబ్బను పెట్టి ఫోను ఆన్ చేసి, ఎరుపు, పచ్చ, నీలం, తెలుపు తెరలు ఒక్కొక్కటీ చూడాలి. వేలు తీయకుండా తెరంతా గీయాలి. శాంసంగ్‌లో చాలా మోడళ్లకు *#0*# కొడితే, షావోమీలో *#*#6484#*#* కొడితే ఆ పరీక్షలన్నీ వస్తాయి. తర్వాత చార్జరు పెట్టి టచ్ మళ్లీ చూడాలి. కొన్ని కాపీ ప్యానెళ్లు చార్జింగ్‌లో ఉన్నప్పుడే పిచ్చిగా ఆడతాయి. తెరలోనే వేలిముద్ర ఉండే ఫోనుకు చవక ఎల్‌సీడీ కాపీ వేస్తే వేలిముద్ర పనిచేయదు. అది పీసు లోపం కాదు, ఆ రకమే అంత. ముందే చెప్పి రాయించుకోకపోతే సాయంత్రానికి కస్టమరు తిరిగి వస్తాడు.

ఇక మన ఊరికే ఉన్న ప్రత్యేకమైన సంగతి. 2008లో విమానాశ్రయం వచ్చినప్పటి నుంచి, రాత్రికి ఫ్లైటు ఉందని బ్యాగులతో వచ్చే కస్టమరు మనకు మామూలే. దుబాయ్ పోయేవాడికి ఆర్నెల్ల గ్యారంటీ దేనికి? అతను వచ్చేసరికి ఏడాది అవుతుంది, మనకూ అతనికీ గొడవ మిగులుతుంది. అతనికి కావలసింది అరగంట పరీక్ష. ద్రవం గమ్ముతో అతికిస్తే ఆరడానికి గంటలు పడుతుంది, దాన్ని అలాగే జేబులో పెట్టుకుని పోతే అంచు లేస్తుంది. ఇలాంటివాళ్లకు ఆ మోడల్ కొలతకు కోసిన టేపు వాడండి. చార్జరు పెట్టి, కాల్ చేయించి, కెమెరా, స్పీకరు అతని చేతే చూపించి, వెలుగుతున్న తెరను ఫోటో తీసుకుని పంపండి. తొందర పనికీ ఆ పరీక్షకూ కలిపి వంద, రెండొందలు ఎక్కువ తీసుకోవడంలో తప్పేమీ లేదు.

కొందరు అసలు గడువే రాయొద్దంటారు. గోడకు "నో గ్యారంటీ" బోర్డు కొట్టేస్తే సరిపోతుందంటారు. సరిపోదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం, సెక్షన్ 2(47) చదవండి. బిల్లు ఇవ్వకపోవడమే అన్యాయ వ్యాపార పద్ధతి. లోపమున్న వస్తువును వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వడానికి ఒప్పుకోకపోవడమూ అదే కోవలోకి వస్తుంది. బిల్లులో గడువు రాసి ఉంటే ఆ గడువు చూస్తారు, రాయకపోతే 30 రోజులు. గడువు రాయని కౌంటరు తప్పించుకున్నట్టు కాదు, తన గడువును చట్టానికి వదిలేసినట్టు. ఐదు లక్షల లోపు ఫిర్యాదుకు జిల్లా కమిషన్‌లో ఫీజు కూడా ఉండదు. చీటీ రాయడం కస్టమరుకు ఎంత మేలో మనకూ అంత మేలు.

చీటీ మీద ఇంతకంటే ఎక్కువ అక్కర్లేదు:

"మోడల్, తీసుకున్నప్పటి పరిస్థితి, వేసిన పీసు రకం, తేదీ.
డిస్‌ప్లే: టచ్, వెలుగు లోపాలకు బిగించిన రోజు నుంచి 30 రోజులు. పగులు, నొక్కుడు మచ్చ, తడికి వర్తించదు.
బ్యాటరీ: ఉబ్బినా, చార్జి నిలవకపోయినా 60 రోజులు.
నీళ్లలో పడిన ఫోను, బోర్డు పని: అప్పగించేటప్పుడు చూసుకోవడమే, తర్వాత వారంటీ లేదు.
పీసు ఒకసారి మారుస్తాం. గడువు మొదటి తేదీ నుంచే లెక్క.
ఫోటోలు, నంబర్లు ముందే దాచుకోండి."

గడువు మొదటి తేదీ నుంచే అన్న మాట చిన్నదిగా కనిపిస్తుంది. అది లేకపోతే మార్చిన ప్రతిసారీ కొత్త నెల మొదలై, ఒకే ఫోను దసరా నుంచి ఉగాది దాకా కౌంటరు చుట్టూ తిరుగుతుంది. బ్యాటరీకి 60 రోజులు రాయడం కూడా దుకాణందారు అంత ఒప్పుకుంటేనే. ఆయన 30 అంటే మనమూ 30 రాద్దాం.

ఫోను తిరిగివచ్చినప్పుడు చీటీతో పాటు, అప్పగించిన రోజు తీసిన ఫోటో ఉంటే అదీ చూడండి. ఒక్క బిందువు నుంచి నలువైపులా పాకిన పగులు ఉంటే దెబ్బ తగిలినట్టు. దెబ్బ గుర్తు లేకుండా నిలువు గీత ఉంటే ప్యానెల్‌దో, రిబ్బనుదో తప్పు. ముందు రిబ్బను తీసి మళ్లీ పెట్టి చూడండి, సగం గొడవలు అక్కడే తీరతాయి. తప్పు పీసుదని తేలితే మారు మాట్లాడకుండా మార్చేయండి.

పక్కవాడు ఆర్నెల్లంటే కస్టమరు అటే పోతాడని భయం ఉంటుంది. నిజమే, కొందరు పోతారు. అందుకే ఒక్కరు మొదలుపెడితే కుదరదు, ఒక బజారులో ఉన్నవాళ్లంతా ఒకే చీటీ కొట్టించాలి. ధరలు మాత్రం ఎవరివి వారివే, వాటిమీద ఒప్పందాలు వద్దు, అది చట్టానికీ కుదరదు. సరేననుకునేవాళ్లు ముందు ఒక పని చేయండి. గత రెండు నెలల్లో ఏ మోడల్ కాంబోలు ఎన్ని కొన్నారో, ఎన్ని తిరిగొచ్చాయో, ఎందుకొచ్చాయో ఒక కాగితం మీద రాసి, ఈ కరపత్రం ఇచ్చినవారి చేతికి ఇవ్వండి. ఆ కాగితాలన్నీ కలిపి పట్టుకుని జగదీశ్ మార్కెట్‌కు పోదాం.