ఒక్క శాతం ఎక్కువ వడ్డీ ఎందుకు?

బళ్లారి నుంచి ఒక సోదరి వ్రాశారు. భర్తగారు పదవీ విరమణ చేయగా వచ్చిన సొమ్ములో ఎనిమిది లక్షలు ఒక నూలు మిల్లులో డిపాజిట్టు వేయాలని వారి తలంపు. రెండు మిల్లులు డిపాజిట్లు కోరుతున్నాయి, రెండవది ఒక శాతం ఎక్కువ ఇస్తానంటోంది. "రెండూ లాభాల్లోనే ఉన్నాయి కదా, ఎక్కువ ఇచ్చేదానిలో వేస్తే తప్పేమిటి?" అని ఆమె ప్రశ్న. రెండింటి వార్షిక నివేదికలూ పంపారు. లెక్కకు సులువుగా అంకెలను గుండుగా చేసి చెబుతాను.

రెండు మిల్లులలోనూ పెట్టుబడి నూరేసి కోట్లు. మొదటిదానిలో వాటాదార్ల సొమ్ము, మిగిల్చుకున్న లాభాలూ కలిపి 75 కోట్లు, అప్పు 25. రెండవదానిలో సొంతం 25, అప్పు 75. అప్పును సొంత నిధితో భాగిస్తే మొదటిదానికి మూడో వంతు, రెండవదానికి మూడు రెట్లు. దీన్నే గేరింగ్ అంటారు. చిన్న సొంత చక్రంతో పెద్ద చక్రాన్ని తిప్పడమన్నమాట.

ఇద్దరూ ఏటా 200 కోట్ల నూలు అమ్ముతున్నారు. పత్తి మొదలైన, సరుకుతోపాటు పెరిగి తరిగే ఖర్చులు 140. జీతాలు, బిల్డింగు ఖర్చులు, యంత్రాల తరుగుదల వంటి, మిల్లు నడిచినా నడవకున్నా తప్పని ఖర్చులు 42. వడ్డీకి ముందు మిగిలేది 18. నూటికి పన్నెండు చొప్పున మొదటిది 3 కోట్లు, రెండవది 9 కోట్లు వడ్డీ కట్టాలి. మిగిలిన లాభం 15, 9. సొంత సొమ్ము మీద చూస్తే మొదటివారికి నూటికి 20, రెండవవారికి 36! అప్పు చేసినవాడే తెలివిగలవాడని మంచి ఏడాదిలో అనిపించడం ఇందుకే. ఈ లెక్కలో పన్ను వదిలేశాను.

ఇక గిరాకీ తగ్గి అమ్మకాలు ఆరో వంతు పడిపోయాయనుకోండి. అమ్మకం మీద మిగిలే 60 కోట్లు 50 అవుతాయి. తప్పని ఖర్చులు 42 అలాగే ఉంటాయి. వడ్డీకి మిగిలేది 8. అమ్మకం ఆరో వంతే తగ్గింది, మిగులు మాత్రం సగానికి మించి తగ్గింది. మొదటి మిల్లు 3 కట్టి 5 మిగుల్చుకుంటుంది. రెండవది 9 కట్టవలసి ఉండగా 8 మాత్రమే సంపాదించింది.

ఇది ముందే తెలుసుకోడానికి వడ్డీకి ముందు మిగులును వడ్డీతో భాగించి చూస్తారు. మంచి ఏడాదిలో మొదటిదానికి ఆరు రెట్లు, రెండవదానికి రెండు రెట్లు. రెండు రెట్లంటే మిగులు సగం పడిపోతే అంచు చేరినట్లే. రెండు అంకెల్లో నేను ముందు చూసేది ఇదే. అప్పు ఎంతుందో గేరింగ్ చెబుతుంది, దాన్ని మోసే సత్తువ ఈ లెక్క చెబుతుంది.

అయినా ఇది అసలు వాయిదాను లెక్కలోకి తీసుకోదు. తరుగుదల చేతి నుంచి పోయే డబ్బు కాదు కాబట్టి, 42 లో అది 6 కోట్లయితే చేతికి వచ్చేది 14. రెండవ మిల్లు అప్పు అయిదేళ్లలో తీర్చాలంటే ఏటా అసలే 15 కోట్లు. వడ్డీ పోగా మిగిలేది 5! ఆ పది కోట్లు ఎక్కడి నుంచి వస్తాయి? కొత్త డిపాజిట్ల నుంచే కావచ్చు. మొదటిది 5 కోట్ల వాయిదా కట్టినా 6 మిగుల్చుకుంటుంది.

నివేదిక చూసేటప్పుడు ఒక జాగ్రత్త. కొత్త విభాగం కట్టేటప్పుడు దాని అప్పు వడ్డీని ఖర్చులో వ్రాయక నిర్మాణపు విలువలో కలుపుతారు. అది నియమమే. కాని లాభనష్టాల పట్టీలో వడ్డీ తక్కువగా కనబడి, భారం తేలికన్న భ్రమ కలుగుతుంది. వివరణల్లో మొత్తం వడ్డీ వెతకండి. భూమి విలువ పెంచి వ్రాసినా సొంత నిధి ఉబ్బుతుంది, వాయిదా కట్టే డబ్బు మాత్రం పెరగదు.

ఒడిశాలో ఢెంకానాల్ ప్రాంతపు భూషణ్ స్టీల్ సంగతి చాలామందికి గుర్తుండవచ్చు. భారీ అప్పుతో పెద్ద కర్మాగారం కట్టారు. 2015 ప్రాంతంలో ప్రపంచమంతటా ఉక్కు ధరలు పడిపోయాయి. 2017 లో దివాలా చట్టం క్రిందికి పంపిన తొలి పన్నెండు పెద్ద ఖాతాల్లో అది ఒకటి. 2018 మే నెలలో టాటా స్టీల్ దాన్ని కొన్నది. అప్పిచ్చినవారికి దాదాపు 56 వేల కోట్లు రావలసి ఉండగా నగదుగా ముట్టింది సుమారు 35 వేల కోట్లు. కర్మాగారం చెడిపోలేదు, చేతులు మారింది.

సోదరి తెలుసుకోవలసిన మాట ఇంకొకటి. ఇటువంటి డిపాజిట్లకు సాధారణంగా హామీ ఆస్తి ఉండదు. ఆస్తి తాకట్టు పెట్టుకున్న బ్యాంకులు ముందు తీసుకుంటాయి. ఎనిమిది లక్షల మీద ఆ ఒక్క శాతం ఏడాదికి ఎనిమిది వేలు. అంతకోసం నేనైతే రెండవ మిల్లుకు వేయను. మొదటి మిల్లులోనైనా సగమే వేసి, మిగతా సగం బ్యాంకులో ఉంచమని వారికి జాబు వ్రాశాను.