పోస్టులో కోపమెంత, విషయమెంత?

తమిళనాడులో తెలుగు చదువు గురించి ఫోన్లలో తిరిగే పోస్టులు మీరూ చూసే ఉంటారు. అలాంటివి రెండు రకాలుగా ఎలా ఉంటాయో చూపడానికి మేమే రెండు నమూనాలు రాశాం.

మొదటిది: "మన పిల్లల నోట తెలుగు లేకుండా చేస్తున్నారు! తెలుగుని నిషేధించిన ద్రోహుల్ని తరిమికొట్టండి! ఒంట్లో తెలుగు రక్తం ఉంటే పదిమందికి పంపండి!"

రెండోది: "2006 చట్టం బడుల్లో తమిళాన్ని తప్పనిసరి చేసింది. మన భాషకి ఐచ్ఛికంగానే చోటిచ్చింది. తమిళ టీచర్లు లేని మైనారిటీ బడుల పిల్లలు పదో తరగతిలో ఇబ్బందిపడతారు. కాబట్టి మినహాయింపు కొనసాగించాలి."

బాధ రెండింటిలోనూ ఒక్కటే. కానీ మొదటి దాంట్లోంచి ద్రోహం, రక్తం, తరిమికొట్టడం తీసేసి చూడండి. "తెలుగుని నిషేధించారు" అన్న ఒక్క మాటే మిగులుతుంది. అదీ నిజం కాదు. 2006 తమిళ అభ్యసన చట్టంలో మొదటి భాగం తమిళం, రెండోది ఇంగ్లిష్, మూడోది మిగతా సబ్జెక్టులు, నాలుగోది ఇష్టమైతే చదువుకునే మాతృభాష. తెలుగు మొదటి భాష స్థానం పోగొట్టుకుంది, కానీ నిషేధం కాలేదు. ఈ తేడా చిన్నది కాదు. నిషేధమైతే మన డిమాండు ఒకటి, స్థానం మారితే మరొకటి.

రెండో పోస్టులో చట్టం పేరు పూర్తిగా లేకపోయినా సంవత్సరం ఉంది, కారణం ఉంది, ఏం కావాలో ఉంది. తప్పయితే ఎవరైనా చూపించవచ్చు. అదే న్యాయమైన వాదనకి గుర్తు.

అలాగని మెత్తగా రాసిందల్లా న్యాయమని అనుకోకండి. "తమిళం నేర్పితే ఎవరికి నష్టం? తెలుగూ చదువుకోవచ్చు కదా" అని ఎంతో మర్యాదగా రాసినవాళ్ళు, భాషా మైనారిటీ పిల్లల కోసం బడులు కోర్టుకెళ్ళిన సంగతీ, 2023లో సుప్రీంకోర్టు మినహాయింపుని పొడిగించిన సంగతీ చెప్పకుండా దాటేస్తే అదీ సగం నిజమే. మన రెండో పోస్టుకీ ఒక లోటుంది. ఈ రాష్ట్రంలో ఉద్యోగానికీ ఆఫీసు పనికీ తమిళం కావాలన్న అవతలివాళ్ళ గట్టి కారణాన్ని అది ముట్టుకోలేదు. దాన్ని ఒప్పుకుని, తమిళం నేర్చుకుంటాం, కానీ టీచర్లని ఇచ్చాకే పరీక్ష పెట్టండి అంటే వాదన ఇంకా బలపడుతుంది.

కోపం కూడా తప్పేమీ కాదు. టీచరు లేని సబ్జెక్టులో పరీక్ష రాయమంటే ఏ తల్లికైనా కోపం వస్తుంది. ఆ కోపం ఒక నిబంధన మీద ఉందా, పక్కింటి తమిళుల మీదకి మళ్ళిందా అన్నదే చూడాలి. అనుమానమొస్తే ఆ పోస్టులో "తెలుగు" ఉన్నచోట "తమిళం" పెట్టి చదవండి. బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉన్న తమిళులు మన గురించి అదే మాట అంటే మీకు సమ్మతమేనా? కాదంటే, ఆ పోస్టు పంపకండి.