నెలసరి నొప్పికి బిళ్ళ ఏ టైముకి వేసుకోవాలి?

యర్రగొండపాలెం నుంచి డిగ్రీ రెండో ఏడాది చదివే ఓ అమ్మాయి పోయిన వారం నాకు వాయిస్ మెసేజ్ పెట్టింది. తెల్లవారుజామున అయిదింటికి డేట్ వచ్చిందట. ఏడింటికి పొత్తికడుపులో మెలిపెట్టడం మొదలైంది. ‘ఓర్చుకుందాంలే, ఊరికే బిళ్ళలు మింగితే మంచిది కాదంటారు కదా’ అనుకుని ఏమీ తినకుండానే బస్సెక్కింది. పదకొండింటికి క్లాసులో బెంచీ మీద ముడుచుకుపోయింది. పక్కనున్న ఫ్రెండు బ్యాగులోంచి ఒక బిళ్ళ ఇచ్చింది. అరగంటకి వాంతి, రెండుసార్లు విరేచనం. సాయంత్రం ఇల్లు చేరేదాకా నొప్పి తగ్గలేదు. చివర్లో అడిగింది: ‘బిళ్ళలు నాకు పనిచెయ్యవు మేడం. నా బాడీ ఇంతేనా?’

బిళ్ళ అట్టని ఫొటో తీసి పెట్టమన్నాను. డైసైక్లోమిన్, పారాసెటమాల్ కలిపిన బిళ్ళ అది. అప్పుడు నాకు సంగతి అర్థమైంది. ఆ అమ్మాయి ఒంట్లో లోపమేం లేదు. వేసుకున్న బిళ్ళా సరైంది కాదు, వేసుకున్న టైమూ సరైంది కాదు. ఎందుకో తెలియాలంటే ఆ నొప్పి ఎట్లా తయారవుతుందో ముందు చూడాలి.

ప్రతి నెలా అండం విడుదలయ్యాక ప్రొజెస్టెరాన్ అనే హార్మోను పెరిగి, గర్భాశయం లోపలి పొరని మెత్తగా, మందంగా నిలబెడుతుంది. గర్భం రాకపోతే ఆ హార్మోను ఒక్కసారిగా పడిపోతుంది. అది పడిపోగానే ఆ పొరలోని కణాలు చిట్లడం మొదలవుతుంది. కణాల గోడల్లో ఉండే ఒక కొవ్వు పదార్థం విడుదలవుతుంది. కాక్స్ అనే ఎంజైము దాన్ని పట్టుకుని ప్రోస్టాగ్లాండిన్లుగా మారుస్తుంది. ఇవి రక్తంలో ఊరంతా తిరిగే హార్మోన్ల లాంటివి కావు. ఎక్కడ తయారైతే ఎక్కువగా అక్కడే పనిచేస్తాయి. గర్భాశయం కండరానికి ఇవి చెప్పేది ఒకటే మాట, ‘బిగుసుకో’ అని. పాత పొరని బయటికి నెట్టాలంటే ఆ మాట చెప్పాల్సిందే. కాకపోతే కొందరిలో ప్రోస్టాగ్లాండిన్లు అవసరానికి మించి తయారవుతాయి.

అప్పుడు గర్భాశయం ఎంత గట్టిగా బిగుస్తుందో తెలుసా? మన బీపీలో పై అంకె మామూలుగా 120 దగ్గర ఉంటుంది. నొప్పి ఎక్కువగా ఉన్నవాళ్ళ గర్భాశయం లోపలి ఒత్తిడి 150 దాటడం కొలతల్లో కనిపించింది. అంటే ఆ కాసేపు కండరంలోకి రక్తం సరిగ్గా పోదు. ప్రోస్టాగ్లాండిన్లు రక్తనాళాల్ని కూడా ఇరుకు చేస్తాయి కాబట్టి ఇంకాస్త తక్కువ పోతుంది. రక్తం అందని కండరం నొప్పి పెడుతుంది. అంతటితో ఆగక నరాల కొసల్ని కూడా సున్నితం చేస్తాయి. అందుకే చిన్న బిగింపు కూడా పెద్ద నొప్పిగా తెలుస్తుంది. ఇందులో కొంత పక్కనున్న పేగులకి, రక్తంలోకి చేరుతుంది. ఆ అమ్మాయికి వచ్చిన వాంతి, విరేచనాలు దాని పనే. ‘నిన్న ఏం తిన్నావ్’ అని ఇంట్లో అడుగుతారు గానీ, తిండికీ దానికీ సంబంధం లేదు.

ఇదంతా ఈమధ్య కనిపెట్టిందేం కాదు. 1957లో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో పికిల్స్ అనే శాస్త్రవేత్త, నెలసరి స్రావంలో కండరాన్ని బిగించే పదార్థమేదో ఉందని చూపించాడు. అదే ప్రోస్టాగ్లాండిన్లని తర్వాత తేలింది. 1971లో జాన్ వేన్, ఆస్పిరిన్ లాంటి మందులు ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపేస్తాయని నిరూపించాడు. ఆ కృషికి 1982లో ఆయనకి నోబెల్ వచ్చింది. ‘ఆడపిల్లన్నాక ఓర్చుకోవాలి’ అనే మాట మాత్రం మన ఇళ్ళలో ఇంకా చెలామణీలోనే ఉంది.

ఇంకో సంగతి. పెద్దమనిషయిన కొత్తలో నొప్పే లేదనీ, ఏడాది తర్వాత మొదలైందనీ చాలామంది కంగారుపడతారు. మొదటి నెలల్లో చాలాసార్లు అండం విడుదల కాదు. అండం లేకపోతే ప్రొజెస్టెరాన్ పెరగదు, పెరగనిది పడిపోదు. అండం సక్రమంగా విడుదలవడం మొదలయ్యాకే నొప్పి కూడా వస్తుంది. కాబట్టి అది రోగ లక్షణం కాదు.

ఇప్పుడు బిళ్ళ దగ్గరికొద్దాం. ఐబుప్రోఫెన్, మెఫెనమిక్ యాసిడ్, నాప్రోక్సెన్ ఒక జాతి మందులు. ఇవి కాక్స్ ఎంజైముని అడ్డుకుంటాయి, అంటే ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపుతాయి. అప్పటికే తయారై బయటికొచ్చిన వాటిని మాత్రం తుడిచెయ్యలేవు. ఐదింటికి మొదలైన తయారీని పదకొండింటికి ఆపితే, ఆ ఆరు గంటల సరుకు అక్కడే ఉండి తన పని తను చేసుకుపోతుంది. పైగా వాంతి అయితే బిళ్ళ కడుపులో నిలవదు. పారాసెటమాల్ అయితే గర్భాశయంలో ఈ తయారీని పెద్దగా ఆపదు. డైసైక్లోమిన్ కండరాన్ని కాస్త వదులు చేస్తుంది గానీ, నెలసరి నొప్పికి దాని మీద గట్టి రుజువుల్లేవు.

కాక్స్‌ని ఆపే మందులకి మాత్రం రుజువులున్నాయి. 5,800 మంది ఆడవాళ్ళ మీద జరిగిన 80 పరిశోధనల్ని 2015లో ఒకచోట చేర్చి చూశారు. ఉత్తుత్తి బిళ్ళ వేసుకున్న ప్రతి వందమందిలో 18 మందికి బాగా తగ్గితే, ఈ మందులు వేసుకున్న వందలో 45 నుంచి 53 మందికి తగ్గింది. పారాసెటమాల్ కంటే ఇవే మెరుగని కూడా తేలింది. అయినా దాదాపు సగంమందికి పూర్తి ఊరట రాలేదని మీరు గమనించే ఉంటారు. అందుకే బిళ్ళ ఒక్కటే కాకుండా ఇంకా ఏమున్నాయో చూడాలి.

వచ్చే నెలకి ఆ అమ్మాయికి చెప్పింది ఇదీ. డేట్ వచ్చిన వెంటనే, నొప్పి కోసం ఎదురుచూడకుండా, ఇడ్లీనో అన్నమో రెండు ముద్దలు తిని 400 మిల్లీగ్రాముల ఐబుప్రోఫెన్ ఒకటి వేసుకోవాలి. తర్వాత ఆరు నుంచి ఎనిమిది గంటలకొకటి చొప్పున, రోజుకి మూడు దాటకుండా, మొదటి రెండు మూడు రోజులు. ప్రోస్టాగ్లాండిన్లు ఎక్కువగా వచ్చేది మొదటి 48 గంటల్లోనే కాబట్టి ఆ తర్వాత అవసరం ఉండదు. డేట్ ఎప్పుడొస్తుందో ఖచ్చితంగా తెలిసినవాళ్ళు ముందురోజే మొదలుపెట్టొచ్చు. ఇది పెద్దవాళ్ళ మోతాదు. స్కూలు పిల్లలకైతే డాక్టరు చెప్పినంతే.

అయితే మా పశ్చిమ ప్రకాశంలో ఈ మాట చెప్పేటప్పుడు నేను కాస్త జాగ్రత్త పడతాను. ఫ్లోరైడు నీళ్ళు, కిడ్నీ జబ్బులు ఇక్కడ ప్రతి ఊరికీ తెలిసిన కథే. ఈ జాతి మందులు కిడ్నీకి పోయే రక్తాన్ని తగ్గిస్తాయి. ఆరోగ్యంగా ఉండి, నీళ్ళు బాగా తాగేవాళ్ళకి రెండు మూడు రోజులు వాడితే ఇబ్బంది రాదు. కానీ ఎండల్లో పొద్దుటి నుంచీ మిరపకాయలు కోస్తూ, ఒంటేలుకి పోవడానికి చాటు దొరకదని నీళ్ళు తాగడం మానేసే ఆడవాళ్ళు ఉన్నారు. ఒంట్లో నీరింకిపోయినప్పుడు ఈ మందు మంచిది కాదు. ముందు నీళ్ళు తాగాలి, ఆ తర్వాతే బిళ్ళ. కిడ్నీ జబ్బు, కడుపులో పుండు, ఈ మందులతో ఆయాసం పెరిగే ఉబ్బసం ఉన్నవాళ్ళు, డెంగీ అనుమానం ఉన్నవాళ్ళు, గర్భం ఉందేమోనని సందేహం ఉన్నవాళ్ళు డాక్టరుని అడక్కుండా ముట్టుకోకూడదు. మెఫెనమిక్ యాసిడ్ మీద 2023 చివర్లో మన ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ ఒక హెచ్చరిక ఇచ్చింది. అరుదుగా జ్వరం, ఒళ్ళంతా దద్దుర్లు, గ్రంథుల వాపుతో తీవ్రమైన రియాక్షన్ రావచ్చని. అది బిళ్ళ వేసిన కొన్ని వారాల తర్వాత కూడా రావచ్చు. అట్లా కనిపిస్తే ఆపేసి వెంటనే ఆసుపత్రికి పోవాలి.

మందు పడనివాళ్ళకి మన అమ్మమ్మల కాపడం ఉంది. దీనికి నిజంగానే రుజువుంది. 2001లో అమెరికాలో జరిగిన ఒక చిన్న పరిశోధనలో, పొత్తికడుపు మీద 39 డిగ్రీల వేడి పట్టీని రోజుకి 12 గంటలు ఉంచితే, రోజుకి మూడుసార్లు ఐబుప్రోఫెన్ వేసుకున్నంత ఉపశమనం వచ్చింది. రెండూ కలిపినవాళ్ళకి గంటన్నరకే తేడా తెలిసింది. ఒక్క బిళ్ళ మీద ఆధారపడినవాళ్ళకి దాదాపు మూడు గంటలు పట్టింది. 39 డిగ్రీలంటే జ్వరం వచ్చిన ఒంటి వేడి, అంతే. చాలామంది మరిగిన నీళ్ళు పోసి చర్మం కాల్చుకుంటారు. వేడినీళ్ళ సంచీకైనా, వేయించిన ఉప్పు మూటకైనా గుడ్డ చుట్టి, ముంజేతి లోపలివైపు పెట్టి చూసుకోండి. హాయిగా ఉంటే సరైన వేడి. రోజుల తరబడి ఎక్కువ వేడి పెడితే చర్మం మీద వలలాంటి గోధుమరంగు మచ్చలు పడతాయి.

వ్యాయామానికీ మంచి ఫలితమే కనిపించింది. వారంలో మూడు రోజులు, ముప్పావు గంట నుంచి గంట దాకా నెలంతా చేస్తేనే. నొప్పొచ్చిన రోజున గెంతమని కాదు. ‘మేం పొలంలో చేసేది వ్యాయామం కాదా’ అని ఒకావిడ నన్ను నిలదీసింది. పరిశోధనల్లో చూసింది నడక, యోగా, ఏరోబిక్స్ లాంటివి. ఎండలో నడుం వంచి కూలికి చేసే పనిని ఎవరూ అట్లా పరీక్షించలేదు.

శొంఠి మీద చిన్న చిన్న పరిశోధనలున్నాయి. రోజుకి ముప్పావు గ్రాము నుంచి రెండు గ్రాముల పొడి, మొదటి మూడు రోజులు. కొంత ఉపయోగం కనిపించింది గానీ రుజువు అంత బలమైంది కాదు. వాము నీళ్ళు నచ్చితే తాగండి, నేను మాత్రం వాటిని నమ్ముకోమని చెప్పను. పెళ్ళయితే నొప్పి పోతుందనే మాట కూడా నాకు ఎదురవుతుంది. కాన్పు తర్వాత చాలామందికి నొప్పి తగ్గే మాట నిజమే, కానీ అందులో తాళికి ప్రమేయం లేదు.

సరైన బిళ్ళని సరైన టైముకి వేసుకుని మూడు నెలలు చూసినా ఆ అమ్మాయికి తగ్గకపోతే, డాక్టరుతో మాట్లాడి హార్మోన్ పిల్స్ ఆలోచించొచ్చు. అవి అండాన్ని ఆపి, లోపలి పొరని పలచగా ఉంచుతాయి. పొర పలచగా ఉంటే ప్రోస్టాగ్లాండిన్లూ తక్కువే. పెళ్ళికాని పిల్లకి పిల్సేంటని ఇంట్లో గొడవ పడతారని తెలుసు. ఇక్కడ వాడేది నొప్పికి.

నొప్పి ఏటికేడు పెరుగుతున్నా, నెలసరి లేని రోజుల్లో కూడా వస్తున్నా, విరేచనానికో మూత్రానికో పోయేటప్పుడు నొప్పి పెడుతున్నా ఎండోమెట్రియోసిస్ లాంటి జబ్బు ఉందేమో చూడాలి. మామూలు స్కానింగులో అది చాలాసార్లు కనపడదు. ‘స్కాన్ నార్మల్’ అని రిపోర్టు చేతికిచ్చి పంపేస్తే, నొప్పి ఇంకా అట్లాగే ఉందని మళ్ళీ వెళ్ళి చెప్పండి.