42 శాతం ఉండగానే ఆగిపోయే లిథియం బ్యాటరీ: మాకు శాతం కాదు, సెల్ వోల్టేజీలు చూపించండి

ఇన్వర్టర్‌కి ట్యూబులర్ బ్యాటరీ తీసేసి లిథియం పెట్టించుకున్నవాళ్లలో కొందరు చెప్పే కంప్లైంట్ ఒకటుంది. డిస్‌ప్లేలో సగం దాకా ఛార్జ్ కనిపిస్తుంటుంది, కానీ ఫ్యాన్ ఆగిపోతుంది. సర్వీస్ అతను వచ్చి మల్టీమీటర్ పెట్టి "బ్యాటరీ ఫుల్‌గా ఉంది సార్" అని వెళ్లిపోతాడు. వారంటీ కథ అక్కడితో ముగుస్తుంది. నా అభిప్రాయం సూటిగా చెప్తా: విడివిడిగా సెల్ వోల్టేజీలు చూపించని బ్యాటరీని, ఎంత డిస్కౌంట్ ఇచ్చినా, కొనొద్దు.

మా కొలీగ్ ఇంట్లో ఉన్నది 12.8 వోల్టుల, 100 ఏహెచ్ ఎల్‌ఎఫ్‌పీ బ్యాటరీ. లోపల నాలుగు సెల్స్ వరసగా కలిపి ఉంటాయి. ఫ్యాన్లు, లైట్లు, రౌటర్ కలిపి 200 వాట్లు. ఇన్వర్టర్ తినేది కూడా కలుపుకుంటే బ్యాటరీ నుంచి 18 ఆంపియర్లు పోతాయి, అంటే ఐదు గంటలకు పైగా రావాలి. కొన్నప్పటి నుంచీ మూడు గంటల పది నిమిషాలకే ఆగిపోతోంది. అదృష్టం ఏంటంటే, దీని బీఎంఎస్‌కి, అంటే లోపలి ప్రొటెక్షన్ బోర్డుకి, బ్లూటూత్ ఉంది. ఆగే ముందు యాప్‌లో కనిపించిన నంబర్లు ఇవి: 3.21, 3.20, 3.22, 2.61.

మొత్తం 12.24 వోల్టులు. ఇన్వర్టర్‌కి కనిపించేది ఈ మొత్తమే కాబట్టి దాని లెక్కలో అంతా బానే ఉంది. కానీ బోర్డు ఒక్కో సెల్‌ని విడిగా చూస్తుంది. ఏ ఒక్కటి 2.5 దగ్గరికి పడిపోయినా మొత్తం ప్యాక్‌ని కట్ చేస్తుంది. అది దాని డ్యూటీ, బోర్డుని తిట్టుకోనక్కర్లేదు. ఇక ఆ 42 శాతం ఎక్కడిదంటారా? బయటికి పోయిన 58 ఏహెచ్‌ని 100 లోంచి తీసేసిన లెక్క, అంతే. నాలుగో సెల్ ఖాళీ అయిందన్న సంగతి ఆ లెక్కకి తెలీదు.

లోడ్ తీసేసి అరగంట వదిలేస్తే నంబర్లు మారిపోయాయి: 3.29, 3.28, 3.29, 3.04. మొత్తం 12.90. లెడ్ యాసిడ్ బ్యాటరీ అలా రెస్ట్‌లో 12.7 చూపిస్తే ఫుల్ అని అర్థం. సర్వీస్ అతని చెయ్యి ఆ లెక్కకే అలవాటుపడింది. ఎల్‌ఎఫ్‌పీలో మాత్రం మధ్యలో వోల్టేజ్ దాదాపు కదలదు. 40 శాతానికీ 70 శాతానికీ తేడా సెల్‌కి కొన్ని పదుల మిల్లీవోల్టులే. అందుకే సగం ఛార్జ్‌లో నాలుగు సెల్స్ సమానంగా కనిపించినా అది ఏమీ నిరూపించదు. తేడా బయటపడేది రెండు చివర్లలోనే.

కింది చివర చూశాం, ఇప్పుడు పై చివర. అసలు తీర్పు అక్కడే. కింద ముందుగా పడిపోయిన సెల్, ఛార్జింగ్‌లో కూడా ముందుగా 3.65కి ఎగిరిపోతే ఆ సెల్ కెపాసిటీయే తగ్గిపోయిందని అర్థం. బ్యాలెన్సింగ్‌తో అది బాగుపడదు, మార్చాల్సిందే. అలా కాకుండా మిగతా మూడూ పైకి చేరినా ఇది వెనకబడే ఉంటే, సెల్ మంచిదే, ఛార్జ్ మాత్రం తక్కువ ఉంది. మా కొలీగ్ ప్యాక్‌లో ఛార్జింగ్ ఆగే ముందు 3.62, 3.58, 3.60, 3.35 కనిపించాయి. అంటే రెండో కేసు. మొదటి నెల నుంచీ ఇదే బ్యాకప్ కాబట్టి, అసెంబ్లీ అప్పుడే సెల్స్‌ని సమానం చేయకుండా కలిపేశారన్నది నా అనుమానం. (లోడ్ తీసిన క్షణంలోనే తేడా మాయమైపోతే మాత్రం సెల్‌ని కాదు, లూజైన బస్‌బార్‌ని అనుమానించండి.)

"ఫుల్ ఛార్జ్‌లో కొన్ని రోజులు వదిలేయండి, అదే సర్దుకుంటుంది" అని కస్టమర్ కేర్ చెప్పింది. చిన్న తేడాకైతే నిజమే. ఇక్కడ తేడా 42 ఏహెచ్. ఇలాంటి బోర్డుల్లో బ్యాలెన్సింగ్ కరెంట్ సుమారు 50 మిల్లీఆంపియర్లు ఉంటుంది, అదీ సెల్స్ పైన 3.4 దాటి ఉన్నప్పుడే. 42ని 0.05తో భాగిస్తే 840 గంటలు. రోజుకి అరగంట దొరికితే నాలుగేళ్లు దాటుతుంది. వారంటీ అయిపోవచ్చు కానీ బ్యాలెన్స్ అవ్వదు! ఆ ఒక్క సెల్‌ని విడిగా సింగిల్ సెల్ ఛార్జర్‌తో నింపితే ఒక రోజు పని. అది కంపెనీయే చెయ్యాలి. మీరు మూత తీస్తే వారంటీ పోవడమే కాదు, స్పానర్ జారి టెర్మినల్స్ మధ్య పడితే వందల ఆంపియర్లు పారతాయి.

అందుకే కొనేముందు షాపులో యాప్ ఓపెన్ చేయించి సెల్ వోల్టేజీల పేజీ చూపించమనండి. ఇప్పటికే కొన్నవాళ్లు మూడు స్క్రీన్‌షాట్లు దాచుకోండి: ఆగే ముందు ఒకటి, అరగంట రెస్ట్ తర్వాత ఒకటి, ఛార్జింగ్ చివర్లో ఒకటి. మా కొలీగ్ వాటిని మెయిల్ చేశాకే కంపెనీ బ్యాటరీని వెనక్కి తీసుకోవడానికి ఒప్పుకుంది.