పేరు చెప్పకుండా మనిషిని చెప్పడం

కాజీపేట నుంచి రైలెక్కి బల్లార్షా, చంద్రపూర్ దాటితే వరోరా వస్తుంది. బాబా ఆమ్టే 1949లో కుష్ఠు సోకినవారి కోసం ఆనందవనం మొదలుపెట్టింది అక్కడే. అక్కడ మగ్గాలు నడుస్తాయి, పొలాలు పండుతాయి, చూపులేని పిల్లల బడి కూడా ఉంది. అలాంటి చోటు గురించి వ్యాసం వేసినప్పుడు పక్కన ఫోటో పెడతాం. చూపులేని పాఠకుడి ఫోన్‌లో స్క్రీన్ రీడర్ ఆ ఫోటో దగ్గరికి వచ్చి, దాని వెనక మనం రాసిన ఆల్ట్ టెక్స్ట్‌ను పైకి చదువుతుంది. ఆ ఒక్క వాక్యం మీదే మా మాట.

ఒక ఫోటో అనుకుందాం. మగ్గం ముందు ఒకాయన కూర్చున్నారు. నెరిసిన జుట్టు, తెల్ల బనియను, కురచబారిన వేళ్లు. మనలో చాలామంది చెయ్యి మొదట రాసేది ఇలా ఉంటుంది: "నేత నేస్తున్న కుష్ఠురోగి". ఇందులో కంటికి కనబడింది నేత ఒక్కటే. వేళ్లు కురచబారడం కుష్ఠు వల్ల నరాలు దెబ్బతిని, స్పర్శ పోయి, తెలియకుండా తగిలిన దెబ్బలూ కాలిన గాయాలూ పేరుకుని జరుగుతుంది. ఆరు నెలలో, ఏడాదో మందులు వాడితే జబ్బు నయమవుతుంది గానీ పోయిన వేళ్లు తిరిగి రావు. అంటే ఆయన ఇప్పుడు రోగి కాకపోవచ్చు. ఆ వేళ్లకు వేరే కారణమూ ఉండవచ్చు. ఫోటో చూసి జబ్బు పేరు చెప్పడం ఊహే. బేతనియలో సీమోను ఇంట యేసు భోజనానికి కూర్చున్నాడు, అయినా ఆ సీమోను పేరు పక్కన జబ్బు పేరు ఈనాటికీ ఊడలేదు.

ఇక రెండో రకం వాక్యం: "వైకల్యాన్ని జయించి ధైర్యంగా నేస్తున్న వృద్ధుడు". జయించడం, ధైర్యం ఫోటోలో లేవు, రాసినవారి మనసులో ఉన్నాయి. చూపున్నవాళ్లు ఫోటో చూసి తమకు తోచింది అనుకుంటారు. చూపులేనివారికి మాత్రం మన అభిప్రాయం కలిపి ఇస్తున్నాం.

మేము రాసేది ఇది:

```html
<img src="maggam-01.jpg" lang="te"
 alt="మగ్గం ముందు కూర్చున్న నెరిసిన జుట్టు మనిషి,
 వేళ్లు కురచగా ఉన్న అరచేత్తో నాడెను నెడుతున్నారు.">
```

"ఫోటోలో" అని మొదలుపెట్టలేదు, అది చిత్రమని స్క్రీన్ రీడరే చెబుతుంది. చేతి మాట ఉంచాం, ఎందుకంటే వ్యాసం ఆ చేతులతో పని ఎలా సాగుతుందన్నదాని మీదే. అదే మనిషి భోజనాల వరుసలో కనబడితే వేళ్ల మాట తీసేస్తాం. బనియను రంగుతో ఇక్కడ ఎవరికీ పనిలేదు. lang="te" మాత్రం మరువకూడదు. అది లేకపోతే కొన్ని ఫోన్లలో ఇంగ్లిషు గొంతు తెలుగు అక్షరాలను చదవలేక వదిలేస్తుంది.

తెలుగులో ఇంకో చిక్కు క్రియ చివర ఉంది. సభలో బిషప్‌గారి ఫోటోకు "మాట్లాడుతున్నారు" అని, పక్క ఫోటోలో మిరపకాయలు ఏరే ఆమెకు "ఏరుతోంది" అని మన చెయ్యి తనంతట తానే రాస్తుంది. పేరు లేకపోయినా ఎవరు పెద్ద, ఎవరు చిన్న అన్నది ఆ రెండక్షరాలే చెప్పేస్తాయి. పెద్దవాళ్లందరికీ "-రు" అని రాస్తే ఆ గొడవ పోతుంది, ఆడా మగా తేల్చలేనప్పుడూ అది పనికొస్తుంది.

కులం మాట మా వంటివారికి కష్టమైనది. అన్యాయం ఎవరిమీద జరిగిందో చెప్పాలని మనం పట్టుబడతాం, పట్టుబట్టాలి కూడా. కానీ చీర, ఒంటి రంగు, బొట్టు లేకపోవడం చూసి "దళిత స్త్రీ", "గోండు స్త్రీ", "క్రైస్తవురాలు" అని రాయలేం. ఆమె తానుగా చెప్పుకున్నది వ్యాసంలో ఆమె మాటగానే రావాలి.

పేరు ఎప్పుడూ దాచాలని కాదు. వ్యాసం బాబా ఆమ్టే గురించైతే ఆల్ట్‌లో ఆయన పేరే మొదట రావాలి. "తెల్ల బనియను వేసుకున్న పెద్దాయన" అంటే పాఠకుడిని మోసం చేసినట్టే. మగ్గం దగ్గరి మనిషి వేరు. ఆయన ఎక్కడున్నారో సొంత ఊరికి తెలియకపోవచ్చు, ఇంట్లో పెళ్లి కావలసిన మనవరాలు ఉండవచ్చు. 2019లో పార్లమెంటు కుష్ఠును విడాకుల కారణాల నుంచి తీసేసింది. అంటే అప్పటిదాకా అది చట్టంలోనే ఉంది, ఇళ్లలో ఇంకా ఉంది. ఆల్ట్‌లో రాసిన పేరును వెతుకులాట యంత్రాలు కూడా చదువుతాయి. ఆయన ఒప్పుకుంటే పేరు అందరికీ కనబడే ఫోటో కింది వరుసలో వేస్తాం, ఒప్పుకోకపోతే ఎక్కడా వేయం.

ఎక్కడా అంటే ఫైలు పేరులో కూడా. ఫోటో తీసినవారు గుర్తు కోసం మనిషి పేరు, జబ్బు పేరు కలిపి ఫైలుకు పెట్టి పంపుతారు. ఆల్ట్ రాయడం మరిచిన రోజున కొన్ని స్క్రీన్ రీడర్లు ఆ ఫైలు పేరునే గట్టిగా చదువుతాయి. అందుకే పైన maggam-01.jpg అని ఉంది.